స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు, కస్టమ్స్ యూనియన్లు, రూల్స్ ఆఫ్ ఆరిజిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

వాణిజ్య చట్టం చదివేవాళ్లకూ, ఎగుమతి కాగితాలతో కుస్తీ పట్టేవాళ్లకూ ఎక్కువగా వచ్చే సందేహాలివి. ఉదాహరణల్లో వీలైనంతవరకు ఒకే వస్తువును తీసుకున్నాం: ఒక కాటన్ చొక్కా. దేశాలు మూడు. క, ఖ అనే రెండు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. గ బయటి దేశం.

అన్ని దేశాలనూ సమానంగా చూడాలన్నది డబ్ల్యూటీఓ మొదటి నియమం కదా. మరి ఇద్దరు కలిసి సుంకాలు ఎత్తేసుకుంటే ఎలా చెల్లుతుంది?

వస్తువుల వ్యాపారంపై డబ్ల్యూటీఓ మూల ఒప్పందమైన గాట్‌లో ఒకటో అధికరణం చెప్పేది అదే. ఒక దేశపు వస్తువుకు ఏ మినహాయింపు ఇచ్చినా, అలాంటి వస్తువు మిగతా సభ్య దేశాల నుంచి వచ్చినప్పుడు వెంటనే, షరతులు లేకుండా అదే ఇవ్వాలి. దీన్నే అత్యంత అనుకూల దేశం సూత్రం, వాడుకలో ఎంఎఫ్ఎన్, అంటారు. ఖ నుంచి వచ్చే చొక్కాపై క సుంకం సున్నా చేస్తే, మామూలుగా అయితే గ నుంచి వచ్చే చొక్కాపై కూడా సున్నా చేయాల్సిందే.

అలా చేయకుండా తప్పించుకునే దారి అదే గాట్‌లోని 24వ అధికరణం. కస్టమ్స్ యూనియన్ గానీ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం గానీ ఏర్పడడాన్ని గాట్ నిబంధనలు అడ్డుకోవని అందులో రాసి ఉంది. అయితే షరతులున్నాయి. లోపల దాదాపు మొత్తం వ్యాపారంపై అడ్డంకులు తీసేయాలి. బయటివాళ్లకు మునుపటికంటే కష్టం పెరగకూడదు. ఇద్దరూ కలిసి తమకు నచ్చిన పది వస్తువులపై మాత్రం సుంకం తగ్గించుకుంటే అది 24వ అధికరణం కిందికి రాదు, మామూలు వివక్షే అవుతుంది.

కస్టమ్స్ యూనియన్‌కూ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతానికీ అసలు తేడా ఏమిటి?

లోపల రెండూ ఒకటే, సుంకాలు ఉండవు. తేడా అంతా బయటి గోడలో ఉంది. కస్టమ్స్ యూనియన్‌లో సభ్యులందరూ బయటి దేశాలపై దాదాపు ఒకే సుంకాలు, ఒకే నియంత్రణలు పెడతారు. యూరోపియన్ యూనియన్, దక్షిణాఫ్రికా దాని చుట్టుపక్కల దేశాలతో కలిసి పెట్టుకున్న కస్టమ్స్ యూనియన్ ఇలాంటివే. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంలో ఎవరి బయటి సుంకం వాళ్లదే. 1960లో పుట్టిన యూరోపియన్ స్వేచ్ఛా వాణిజ్య సంఘం, ఎఫ్టా, ఈ రెండో రకం.

ఈ చిన్న తేడా నుంచే రూల్స్ ఆఫ్ ఆరిజిన్ గొడవంతా పుడుతుంది. చొక్కాపై క దేశం బయటివాళ్లకు వేసే సుంకం 25 శాతం, ఖ దేశం వేసేది 5 శాతం అనుకోండి. 100 విలువైన చొక్కాను గ దేశపు వ్యాపారి నేరుగా క దేశానికి పంపితే సుంకం 25. అదే ముందు ఖ దేశంలో దించి 5 కట్టి, అక్కడి నుంచి సున్నా సుంకంతో క దేశంలోకి పంపితే 20 మిగులుతుంది. అదనపు రవాణా, దించడం ఎక్కించడం అన్నీ కలిపి 20 లోపు అయితే చాలు, సరుకంతా ఖ మీదుగానే వస్తుంది. క దేశం పుస్తకంలో 25 శాతం అని ఉంటుంది కానీ ఆ రేటు కట్టేవాడు ఒక్కడూ ఉండడు. పైగా ఆ 5 కూడా ఖ ఖజానాకే పోతుంది.

ఇది జరగకుండా ఉండాలంటే క కస్టమ్స్ అధికారి ఒక ప్రశ్న అడగాలి. ఈ చొక్కా ఖ నుంచి వచ్చిందా అని కాదు, ఖ దేశంలో తయారైందా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవే రూల్స్ ఆఫ్ ఆరిజిన్. 24వ అధికరణంలో స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతానికి ఇచ్చిన నిర్వచనంలోనే ఇది ఉంది: అడ్డంకులు తీసేయాల్సింది సభ్య దేశాల్లో పుట్టిన వస్తువులపై.

గ దేశపు బట్టతో ఖ దేశంలో కుట్టిన చొక్కా ఏ దేశానిది?

ఏ ఒప్పందం చదువుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఒక్కో ఒప్పందంలో ఒక్కో పరీక్ష. ఒకే చొక్కాను మూడు పరీక్షలకు పెట్టి చూద్దాం. చొక్కా ధర 100. అందులో గ నుంచి తెచ్చిన నేసిన కాటన్ బట్ట 45, బయటి నుంచే వచ్చిన గుండీలూ దారమూ 5. మిగతా 50 ఖ దేశంలో కూలీ, ఫ్యాక్టరీ ఖర్చులు, లాభం.

మొదటిది విలువ పరీక్ష. ఆసియాన్ ఒప్పందాల్లో తరచుగా కనిపించే గీత 40 శాతం. ధరలోంచి బయటి సరుకు విలువ తీసేస్తే మిగిలేది ధరలో కనీసం 40 శాతం ఉండాలి. మన చొక్కాకు 50 మిగిలింది, పాస్. కానీ ఈ పరీక్షకు ఒక చెడ్డ గుణం ఉంది. బట్ట ధర పెరిగి 45 కాస్తా 57 అయ్యిందనుకోండి, కొనేవాడు చొక్కాకు 100 కంటే ఎక్కువ ఇవ్వనన్నాడు. అప్పుడు మిగిలేది 38. అదే మిషన్, అదే కుట్టుపని, అదే చొక్కా, కానీ ఇప్పుడది ఖ దేశానిది కాదు. మారకం రేటు కదిలినా ఇదే జరుగుతుంది. కూలీ తక్కువగా ఉన్న దేశానికి ఇది మరీ ఇబ్బంది. తక్కువ ఖర్చుతో పని చేసినందుకే స్థానిక విలువ తక్కువగా తేలుతుంది.

రెండోది కోడ్ మార్పు పరీక్ష. వస్తువులను వర్గాలుగా విడదీయడానికి ప్రపంచమంతా వాడే హెచ్ఎస్ కోడ్‌లో పలుచని కాటన్ బట్ట 5208 హెడింగ్ కిందికి, మగవాళ్ల నేత చొక్కా 6205 కిందికి వస్తాయి. బయటి సరుకు హెడింగ్, తయారైన వస్తువు హెడింగ్ వేరువేరుగా ఉంటే చాలంటే మన చొక్కా సులువుగా పాసవుతుంది. ఇక్కడ ధరల లెక్క అక్కర్లేదు కాబట్టి ఫ్యాక్టరీలకు ఇదే ఇష్టం.

మూడోది ప్రక్రియ పరీక్ష. ఫలానా పని ఫలానా చోటే జరగాలని నేరుగా రాస్తారు. ఉత్తర అమెరికా ఒప్పందంలో చాలా దుస్తులకు నూలు దగ్గర నుంచి అంతా సభ్య దేశాల్లోనే జరగాలి: నూలు వడకడం, బట్ట నేయడం, కుట్టడం. యూరోపియన్ యూనియన్ ఒప్పందాల్లో నేత దుస్తులకు సాధారణంగా నేయడం, కుట్టడం రెండూ అడుగుతారు, నూలు బయటిదైనా పర్లేదు. మన చొక్కా ఈ రెండింటిలోనూ ఫెయిల్, ఎందుకంటే బట్ట నేసింది గ దేశంలో.

సుంకం రేట్లు మార్చకుండానే ఈ నిబంధనలు బయటి దేశాన్ని దెబ్బకొట్టగలవా?

కొట్టగలవు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో చట్టం సరిగ్గా పట్టించుకోనిది ఇదే.

పై ఉదాహరణనే కొనసాగిద్దాం. ఒప్పందంలో నేయడమూ లోపలే జరగాలని ఉంది. ఖ దేశపు ఫ్యాక్టరీకి గ బట్ట 45కి దొరుకుతుంది, అదే నాణ్యత ఉన్న క దేశపు బట్ట 55. సభ్య దేశపు సరుకును సొంత సరుకుగా లెక్కేసుకోనిస్తారు, దీన్ని క్యుములేషన్ అంటారు. కాబట్టి క బట్ట వాడితే చొక్కా ధర 110 అయినా క దేశంలోకి సున్నా సుంకంతో పోతుంది. గ బట్ట వాడితే ధర 100, దానిపై సుంకం 25, మొత్తం 125. ఫ్యాక్టరీ ఏం చేస్తుంది? పది ఎక్కువ పెట్టి క బట్టే కొంటుంది. గ దేశపు నేత మిల్లు ఆర్డర్ పోగొట్టుకుంటుంది. గ బట్టపై క గానీ ఖ గానీ సుంకం ఒక్క పైసా పెంచలేదు.

బయటివాళ్లపై సుంకాలతో పాటు ఇతర వాణిజ్య నియంత్రణలు కూడా మునుపటికంటే కఠినం కాకూడదని 24వ అధికరణం అంటుంది. రూల్స్ ఆఫ్ ఆరిజిన్ ఆ ఇతర నియంత్రణల్లోకి వస్తాయా రావా అన్నదానిపై సభ్యుల మధ్య ఏళ్ల తరబడి వాదన సాగినా ఏకాభిప్రాయం కుదరలేదు. డబ్ల్యూటీఓలో రూల్స్ ఆఫ్ ఆరిజిన్ ఒప్పందం ఉంది కదా అని కొందరు అంటారు. అది ప్రధానంగా రాయితీలతో సంబంధం లేని ఆరిజిన్ నిబంధనల గురించి. రాయితీ ఒప్పందాల గురించి దాని రెండో అనుబంధంలో ఒక ఉమ్మడి ప్రకటన మాత్రమే ఉంది. నిబంధనలు స్పష్టంగా ఉండాలి, ప్రచురించాలి, వెనక తేదీ నుంచి అమలు చేయకూడదు, అడిగినవాళ్లకు 150 రోజుల్లోపు ఆరిజిన్ తేల్చి చెప్పాలి. నిబంధన ఎంత కఠినంగా ఉండొచ్చన్నదానికి అందులో హద్దు లేదు.

దాదాపు మొత్తం వ్యాపారం అంటే ఎంత శాతం?

అంకె ఎక్కడా రాయలేదు. ఒప్పందాలపై చర్చల్లో 90 శాతం అన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ అది చట్టం కాదు. డబ్ల్యూటీఓ వివాదాల్లో అప్పీళ్లు తేల్చే అప్పిలేట్ బాడీ చెప్పిందల్లా ఇది మొత్తం కాదు, కొంత అన్నదానికంటే మాత్రం చాలా ఎక్కువ అని. వ్యాపారం విలువలో 90 శాతమా, సుంకాల పట్టికలోని వరుసల్లో, అంటే టారిఫ్ లైన్లలో, 90 శాతమా అన్నది కూడా తేలలేదు. వ్యవసాయాన్ని పూర్తిగా పక్కన పెట్టిన ఒప్పందాలు నెట్టుకొస్తున్నది ఈ సందులోంచే.

కస్టమ్స్ యూనియన్‌లో చేరి ఒక దేశం బయటి సుంకం పెంచితే?

క, ఖ కస్టమ్స్ యూనియన్ అయ్యి చొక్కాపై ఉమ్మడి సుంకం 15 శాతం పెట్టాయనుకోండి. క 25 నుంచి దిగింది, ఖ 5 నుంచి పెరిగింది. మొత్తంగా చూస్తే బయటివాళ్లకు భారం పెరగకపోతే అభ్యంతరం లేదు. దీన్ని వ్యాపార పరిమాణాన్ని బట్టి తూచిన సగటు సుంకంతో లెక్కగట్టాలని 1994 అవగాహన పత్రం చెబుతుంది. అయితే 5 మించనని ఖ డబ్ల్యూటీఓలో కట్టుబడి ఉంటే కథ అక్కడితో ఆగదు. పెంచే ముందు నష్టపోయే దేశాలతో మాట్లాడి పరిహారం తేల్చుకోవాలి. క తగ్గించిన పది శాతాన్ని ఆ పరిహారంలో లెక్కలోకి తీసుకుంటారు, అది చాలకపోతే వేరే వస్తువులపై తగ్గించాలి.

కస్టమ్స్ యూనియన్ పేరు చెప్పి కోటాలు పెట్టొచ్చా?

దీనికి జవాబు టర్కీ జౌళి కేసులో ఉంది. తీర్పు 1999లో వచ్చింది. 24వ అధికరణం ఎంతవరకు కాపాడుతుందన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఇప్పటికీ మొదట తీసేది దీన్నే.

టర్కీ, యూరోపియన్ యూనియన్ మధ్య కస్టమ్స్ యూనియన్ చివరి దశ 1996 జనవరి 1న మొదలైంది. అప్పటికి యూరప్‌కు భారత్ సహా కొన్ని దేశాల జౌళిపై కోటాలున్నాయి. అప్పటి జౌళి ఒప్పందం ప్రకారం అవి చెల్లేవి. టర్కీకి అలాంటి కోటాలు లేవు, కొత్తగా పెట్టే హక్కూ లేదు. టర్కీ వాదన ఇలా సాగింది: మా ఇద్దరి మధ్య గేటు తీసేశాం. భారత్ బట్ట మా దగ్గరికి కోటా లేకుండా వస్తే మా మీదుగా యూరప్‌లోకి పారుతుంది. యూరప్ దానికి ఒప్పుకోదు, మా జౌళిని యూనియన్ నుంచి తీసేస్తుంది. యూరప్‌కు మేం పంపే సరుకులో 40 శాతం జౌళే. అది తీసేస్తే దాదాపు మొత్తం వ్యాపారం అన్న షరతు నెరవేరదు, కస్టమ్స్ యూనియనే ఉండదు. కాబట్టి యూరప్ కోటాల లాంటివే మేమూ పెట్టక తప్పలేదు. అలా 19 రకాల జౌళి, దుస్తులపై కోటాలు పెట్టింది. భారత్ కేసు వేసింది.

అప్పిలేట్ బాడీ ముందుగా ఒక మంచి మాట చెప్పింది: 24వ అధికరణం గాట్‌లోని ఇతర ఉల్లంఘనలకు కూడా రక్షణ కావచ్చు. కానీ ఆ రక్షణ కోరే దేశం రెండు విషయాలు రుజువు చేసుకోవాలి. ఒకటి, ఆ చర్య 24వ అధికరణం షరతులన్నీ తీర్చే కస్టమ్స్ యూనియన్ ఏర్పడే సందర్భంలో తెచ్చింది కావాలి. రెండు, ఆ చర్య లేకపోతే ఆ యూనియన్ ఏర్పడడమే ఆగిపోయేది అని చూపించాలి.

టర్కీ రెండోదాని దగ్గర బోల్తా పడింది. కోటా అక్కర్లేదు, సరిహద్దులో ఆరిజిన్ అడిగితే సరిపోయేది కదా అంది అప్పిలేట్ బాడీ. టర్కీలో తయారైన జౌళి ఏదో, భారత్ నుంచి వచ్చి టర్కీ మీదుగా పోతున్నది ఏదో వేరు చేసే రూల్స్ ఆఫ్ ఆరిజిన్ పెట్టుకుంటే, టర్కీ జౌళి ఏ ఆటంకం లేకుండా యూరప్‌కు పోయేది, భారత్ జౌళిపై యూరప్ తన కోటా తాను అమలు చేసుకునేది. సరుకు దారి మళ్లుతుందన్న సందేహం ఉన్నచోట ఆరిజిన్ సర్టిఫికెట్లు అడిగే వీలు యూరప్, టర్కీ కలిసి చేసిన కస్టమ్స్ యూనియన్ నిర్ణయంలోనే ఉందని కూడా గుర్తు చేసింది. బయటివాళ్లను అంతగా బాధించని మార్గం ఉండగా కోటా తప్పనిసరి అనలేం. టర్కీ ఓడిపోయింది.

ఒక విషయం గమనించాలి. యూరప్, టర్కీ మధ్య ఏర్పడింది నిజంగా 24వ అధికరణం ప్రకారం కస్టమ్స్ యూనియనేనా అన్నది ఈ కేసులో ఎవరూ తేల్చలేదు. అప్పీలుకు ముందు కేసు విన్న ప్యానెల్ అవుననుకుని ముందుకు పోయింది, దానిపై అప్పీలు రాలేదు. మొదటి షరతును కూడా పరిశీలించాల్సిందేనని అప్పిలేట్ బాడీ చెప్పి వదిలేసింది.

అయితే కస్టమ్స్ యూనియన్‌లో ఆరిజిన్ అడగరన్న మాట అబద్ధమా?

సగమే నిజం. బయటి సుంకం ఒకటే అయినప్పుడు సరుకు ఏ గేటులోంచి వచ్చినా తేడా లేదు, ఒకసారి సుంకం కట్టి లోపలికి వచ్చాక స్వేచ్ఛగా తిరగొచ్చు. యూరప్, టర్కీ మధ్య పారిశ్రామిక వస్తువులకు వాడే ఏ.టీ.ఆర్ సర్టిఫికెట్ చెప్పేది ఇదే: ఈ సరుకు లోపల స్వేచ్ఛగా తిరిగే హోదాలో ఉంది. ఎక్కడ తయారైందో అది చెప్పదు. కొత్తవాళ్లు దీన్ని ఆరిజిన్ సర్టిఫికెట్ అనుకుని పొరబడుతుంటారు. అదే సరుకును ఆ యూనియన్‌తో వేరే ఒప్పందం ఉన్న మూడో దేశానికి రాయితీతో పంపాలంటే ఏ.టీ.ఆర్ పనికిరాదు, ఆరిజిన్ రుజువు కావాలి. వ్యవసాయ ఉత్పత్తులు చాలావరకు ఆ యూనియన్ బయటే ఉన్నాయి కాబట్టి వాటికీ ఆరిజిన్ కాగితమే.

గోడ ఒక్కటే అయినా గేటు తాళాలు ఒకరి చేతిలో ఉంటే ఇంకో చిక్కు. యూరప్ ఒక మూడో దేశంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకుంటే ఆ దేశపు సరుకు యూరప్ మీదుగా టర్కీలోకి సుంకం లేకుండా రాగలదు. టర్కీ సరుకుకు మాత్రం ఆ దేశంలో రాయితీ దొరకదు, టర్కీ విడిగా ఇంకో ఒప్పందం కుదుర్చుకుంటే తప్ప. టర్కీ ఎప్పటినుంచో చేస్తున్న ఫిర్యాదు ఇది, అందులో న్యాయం ఉంది.

అభివృద్ధి చెందుతున్న దేశాలు ఈ షరతులన్నీ పాటించాలా?

వస్తువుల విషయంలో తమలో తాము ఒప్పందం చేసుకుంటే 1979 నాటి ఎనేబ్లింగ్ క్లాజ్ కింద నమోదు చేసుకోవచ్చు. అక్కడ దాదాపు మొత్తం వ్యాపారం అన్న షరతు లేదు, సుంకాలు పూర్తిగా తీసేయకుండా తగ్గించుకున్నా చాలు. మెర్కోసుర్ ఆ దారిలోనే నమోదైంది.

సరుకు నిజంగా సభ్య దేశంలోనే తయారైంది. అయినా రాయితీ ఎందుకు పోతుంది?

చాలాసార్లు దారి వల్ల. ఒప్పందాల్లో ఎక్కువగా సరుకు నేరుగా రావాలని, లేదా మధ్యలో మూడో దేశంలో ఆగినా కస్టమ్స్ నిఘాలోనే ఉండాలని, అక్కడ దించడం, ఎక్కించడం, పాడవకుండా చూడడం లాంటివి తప్ప మార్పులేవీ చేయకూడదని ఉంటుంది. అది రుజువు చేసే కాగితం లేకపోతే ఆరిజిన్ ఉన్నా రాయితీ ఉండదు.

2021లో బ్రిటన్, యూరోపియన్ యూనియన్ మధ్య కొత్త ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు చాలా కంపెనీలకు టెన్షన్ పుట్టించింది ఇలాంటిదే. అప్పటిదాకా యూరప్‌లో తయారైన సరుకును బ్రిటన్ గోదాములోకి తెచ్చి, అక్కడి నుంచి ఐర్లాండ్ దుకాణాలకు పంపేవాళ్లు. సున్నా సుంకం ఒప్పందం ఉంది కదా అనుకున్నారు. కానీ ఆ సున్నా బ్రిటన్‌లో పుట్టిన సరుకుకు. యూరప్‌లో పుట్టి, బ్రిటన్‌లో ఏ తయారీ పనీ జరగకుండా తిరిగి యూరప్‌కు పోతున్న సరుకు బ్రిటన్‌ది కాదు, కాబట్టి ఐర్లాండ్‌లో సుంకం పడింది. తిరిగొచ్చిన సరుకుకు ఇచ్చే రాయితీ వంటి వేరే దారులు వెతుక్కోవాల్సి వచ్చింది. కస్టమ్స్ యూనియన్‌లోంచి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలోకి మారడమంటే ఏమిటో ఇంత సూటిగా చూపే ఉదాహరణ మరొకటి దొరకదు.

రెండో కారణం హెచ్ఎస్ కోడ్. ఎగుమతిదారు ఒక హెడింగ్ రాస్తాడు, దిగుమతి అధికారి ఇంకో హెడింగ్ అంటాడు. కోడ్ మారితే పరీక్షే మారిపోతుంది. సర్టిఫికెట్‌లోని కోడ్, ఇన్‌వాయిస్‌లోని వివరణ, దిగుమతి డిక్లరేషన్ మూడూ ఒకదానితో ఒకటి కలవకపోతే తనిఖీకి పిలుపు వచ్చినట్టే. సరుకు అమ్ముడుపోయాక కూడా తనిఖీ రావచ్చు. ఆరిజిన్ నిలబడకపోతే మిగిలిన సుంకం సాధారణంగా దిగుమతిదారు నుంచే వసూలు చేస్తారు, తప్పు ఎగుమతిదారు కాగితాల్లో ఉన్నా సరే.

రాయితీ దొరుకుతున్నా కొందరు మామూలు సుంకమే కట్టేస్తారు. ఎందుకు?

మళ్లీ మన చొక్కానే చూడండి. క దేశపు మామూలు సుంకం 25 కాకుండా 5 మాత్రమే అయితే, గ బట్టతో కుట్టినది 105కి దిగుతుంది. రాయితీ కోసం ఖరీదైన బట్ట వాడితే 110. దాని మీద ఆరిజిన్ రికార్డులు ఏళ్ల తరబడి దాచే ఖర్చు, తనిఖీ వస్తుందేమోనన్న బెంగ అదనం. అలాంటప్పుడు ఫ్యాక్టరీ రాయితీ జోలికే పోదు, గ బట్ట కొని 5 కట్టేస్తుంది. మామూలు సుంకానికీ రాయితీ సుంకానికీ మధ్య తేడా ఎంతుందో ముందు చూసుకుని, ఆ తర్వాతే ఆరిజిన్ నిబంధన చదవడం మొదలుపెట్టాలి.